టీవీ ఏ దారిన వస్తోంది? ఇంటి బ్రాడ్‌బ్యాండ్, కేబుల్ ప్యాకేజీలను పోల్చే లెక్క

విశాఖపట్నం సీతమ్మధారలో ఈమధ్య ఒక ఫ్లాట్‌లో అద్దెకు దిగిన మా బంధువుల కుటుంబం నా ముందు మూడు కాగితాలు పెట్టి, ఇంటర్నెట్, టీవీ కలిపి వీటిలో ఏది తీసుకోవాలో చెప్పమంది. ఇంట్లో నలుగురు. ఒకాయన ఇంటి నుంచే పని చేస్తారు, ఆయన భార్య, ఇంటర్ చదివే అబ్బాయి, రోజుకు ఆరు గంటలు సీరియళ్లూ భక్తి కార్యక్రమాలూ చూసే పెద్దావిడ. సంస్థల పేర్లు ఇక్కడ అనవసరం, రేట్లు కూడా తరచూ మారేవే. అందుకే వాటిని మొదటిది, రెండోది, మూడోది అనే పిలుస్తాను.

మొదటిది 50 ఎంబీపీఎస్ వేగం, నెలకు 3,300 జీబీ డేటా. నెల చందా 599 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఇన్‌స్టలేషన్‌కు వెయ్యి రూపాయలు, దానికీ జీఎస్టీ. ఎప్పుడైనా మానుకోవచ్చు, కానీ ఇందులో టీవీ లేదు. దాన్ని వీధిలోని కేబుల్ ఆపరేటర్ దగ్గర నెలకు 300 రూపాయలకు విడిగా తీసుకోవాలి. రెండోది 100 ఎంబీపీఎస్, 1,000 జీబీ, చందా 899 రూపాయలు, ఆపై జీఎస్టీ. టీవీ ఛానళ్లు యాప్‌లో వస్తాయి. ఆరు నెలలకు ముందుగా కడితే ఇన్‌స్టలేషన్ ఉచితం, ఆ తరువాత నెలనెలా కట్టుకోవచ్చు. మూడోది స్థానిక ఆపరేటర్ ఇచ్చినది. 100 ఎంబీపీఎస్, కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘అన్‌లిమిటెడ్’, కింద చిన్న అక్షరాలతో ‘500 జీబీ తరువాత 2 ఎంబీపీఎస్’. కేబుల్ టీవీ కలిపి చందా 750 రూపాయలు, ఆపై జీఎస్టీ. ఏడాదికి ఒకేసారి కడితే పది నెలల డబ్బుతో పన్నెండు నెలలు వస్తుంది. ఇన్‌స్టలేషన్ అన్నీ కలిపి 1,500, ఫైబర్ బాక్సుకు తిరిగి ఇచ్చే డిపాజిట్ మరో 1,500.

ఇలాంటప్పుడు వేగం, డేటా పరిమితి, ఇన్‌స్టలేషన్ చార్జీ, ఒప్పంద కాలం అని నాలుగు గడులు గీసి, ఒక్కో గడిలో ఎవరు గెలిచారో చూస్తారు. ఆ పట్టిక పెద్దగా ఏమీ చెప్పదు, ఎందుకంటే ఆ నాలుగింటికీ ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. టీవీ కార్యక్రమం ఇంట్లోకి ఏ దారిన వస్తోంది? దీనికి జవాబు తెలిసేదాకా 500 జీబీ తక్కువో ఎక్కువో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఇంటికి వచ్చే సన్నని ఫైబర్ తీగలో టీవీ మూడు రకాలుగా ప్రయాణించవచ్చు. మొదటి రకంలో కేబుల్ టీవీ సంకేతం అదే గాజు పోగులో వేరే కాంతి రంగు మీద వస్తుంది. ఇంటర్నెట్ 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంపై ఇంట్లోకి వచ్చి, 1310 నానోమీటర్లపై బయటికి వెళ్తుంటే, టీవీ 1550 నానోమీటర్లపై నడుస్తుంది. అంటే ఒకే రోడ్డు మీద రెండు విడి వరసలన్నమాట, ఒకదాని రద్దీ మరోదానికి తగలదు. రెండో రకం ఐపీటీవీ. ఇందులో టీవీ కూడా ఇంటర్నెట్ పద్ధతిలోనే ప్యాకెట్లుగా వస్తుంది, అయితే ఆపరేటర్ తన సొంత నెట్‌వర్క్ లోపల దానికి ప్రత్యేకమైన దారి కేటాయిస్తాడు కాబట్టి సాధారణంగా మీ డేటా లెక్కలోకి రాదు. 2017 డిసెంబరు 27న లాంఛనంగా ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ ఇంటింటికీ ఇచ్చిన టీవీ బాక్సు ఈ కోవలోదే. టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ కేబుల్ ఆపరేటర్ చేతి మీదుగా ఒకే బిల్లుతో రావడం మన ప్రాంతం వారికి అలా అలవాటయింది. మూడో రకం యాప్. స్మార్ట్ టీవీలోనో, టీవీకి తగిలించే చిన్న స్టిక్‌లోనో ఒక యాప్ తెరిచి ప్రత్యక్ష ప్రసారం చూడడం. ఇది మామూలు ఇంటర్నెట్ వాడకమే. చూసిన ప్రతి నిమిషం మీ డేటాలోంచి తరుగుతుంది.

మాటల మీద ఆధారపడకుండా తెలుసుకునే మార్గం కూడా ఉంది. ఇప్పటికే ఆ కనెక్షన్ ఉన్న పక్కింటికి వెళ్లి బాక్సుల వెనుక చూడండి. ఫైబర్ బాక్సు నుంచి పాత కేబుల్ టీవీ తరహా గుండ్రని, మర తిప్పి బిగించే తీగ సెట్‌టాప్ బాక్సుకు వెళ్తుంటే అది మొదటి రకం. కొన్ని ఫైబర్ బాక్సుల మీద ఆ రంధ్రం దగ్గర CATV అని రాసి ఉంటుంది. ఫైబర్ బాక్సు నుంచి ల్యాన్ తీగ సెట్‌టాప్ బాక్సులోకి వెళ్తుంటే ఐపీటీవీ అయ్యే అవకాశం ఎక్కువ, కానీ కొన్ని బాక్సులు ల్యాన్ తీగతోనే యాప్‌లను కూడా నడుపుతాయి కాబట్టి ఇక్కడ ఒక ప్రశ్న తప్పదు: ‘ప్రత్యక్ష ఛానళ్లు చూస్తే డేటా తగ్గుతుందా?’ టీవీకి ఏ తీగా లేకుండా వైఫై మీదే ఛానళ్లు వస్తుంటే సందేహం అక్కరలేదు, అది యాప్. ఇంకో పరీక్ష ఏమిటంటే, ఇంటర్నెట్ రీఛార్జ్ గడువు దాటిన రోజున కూడా ఛానళ్లు వస్తున్నాయేమో అడగడం. మొదటి రకంలో వచ్చే అవకాశం ఉంది, మూడో రకంలో రావు.

ఇక లెక్కకు వద్దాం. యాప్‌లో హెచ్‌డీ నాణ్యతతో వీడియో చూస్తే గంటకు సుమారు 3 జీబీ వరకు ఖర్చవుతుంది, 4కే నాణ్యతకు 7 జీబీ వరకు. పెద్దావిడ ఆరు గంటల టీవీ యాప్ మీద నడిస్తే రోజుకు 18 జీబీ, నెలకు 540 జీబీ. మిగతా ముగ్గురూ కలిసి సినిమాలూ సిరీస్‌లూ రోజుకు మూడు గంటలు చూస్తారనుకుంటే 270 జీబీ. ఇంటి నుంచి పని చేసే ఆయన వీడియో సమావేశాలకు నెలకు వంద జీబీ సరిపోతుంది. ఫోన్లలో చిన్న వీడియోలు, అబ్బాయి పాఠాలు, నవీకరణలు అన్నీ కలిపి మరో 90. మొత్తం 1,000 జీబీ.

రెండో కాగితంలోని పరిమితి కూడా సరిగ్గా అంతే. అంటే ఆ ఇల్లు ప్రతి నెలా గట్టు మీద నిలబడి ఉంటుంది, దసరా సెలవులొచ్చినా, ఇంటికి చుట్టాలు దిగినా అవతలికి జారుతుంది. అదే కుటుంబం మూడో కాగితం తీసుకుంటే పెద్దావిడ టీవీ కేబుల్ వరసలో వస్తుంది కాబట్టి, ఆ 540 పోగా ఇంటర్నెట్ వాడకం 460 జీబీయే. అక్కడి పరిమితి 500. కాగితం మీద చూస్తే రెండో దానిలో సగం డేటా ఇస్తున్న మూడోది, ఈ ఇంటికి దాదాపు దానితో సమానంగా సరిపోతోంది. రెండింటిలోనూ వాడకం అంచు దగ్గరే, కాకపోతే అంచు దాటితే జరిగేది వేరు. మూడోదాంట్లో ఇంటర్నెట్ నెమ్మదిస్తుంది, టీవీ మామూలుగా నడుస్తుంది. రెండోదాంట్లో రెండూ కలిసి నీరసిస్తాయి, అదీ నెలాఖరున, తరువాతి రీఛార్జ్ దాకా.

యాప్ టీవీకి ఒక ఉపాయం లేకపోలేదు. పెద్దావిడ చూసే ఛానళ్లకు యాప్ సెట్టింగ్‌లలో నాణ్యతను మామూలు స్థాయికి దించితే గంటకు సుమారు ఒక జీబీ సరిపోతుంది, 540 కాస్తా 180 అవుతుంది, మొత్తం 640 దగ్గర ఆగుతుంది. పాత 32 అంగుళాల టీవీ మీద ఆ తేడా చాలామంది కళ్లకు ఆనదు. అయితే ఆ సెట్టింగ్ ఎవరైనా పెట్టాలి, యాప్ నవీకరణ జరిగినప్పుడు అది మారిపోలేదని చూసుకోవాలి. టీవీ పెట్టగానే ఛానల్ నంబరు నొక్కే అలవాటున్న మనిషికి యాప్ తెరిచి, వెతికి, నొక్కడం నేర్పాలి. ఈ శ్రమ ఏ ధరల పట్టికలోనూ కనబడదు గానీ, నేను చూసిన ఇళ్లలో ప్యాకేజీలు మార్చడానికి ఎక్కువసార్లు ఇదే కారణమయింది.

పరిమితి దాటిన తరువాత వచ్చే వేగం గురించి కొంత చెప్పాలి. ‘అన్‌లిమిటెడ్’ అన్న మాటకు ఇక్కడ ఉన్న అర్థం ఒకటే, కనెక్షన్ ఆగిపోదు, అదనపు బిల్లు రాదు. వేగం తగ్గుతుంది. స్థిర బ్రాడ్‌బ్యాండ్‌లో పరిమితి దాటినా వేగం 512 కేబీపీఎస్ కంటే కిందికి దించకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో ఆదేశించింది. ఆ మెట్టు ఈనాటి ఇంటికి ఏ మూలకూ చాలదు. 2023 జనవరి నుంచి మన దేశంలో కనీసం 2 ఎంబీపీఎస్ ఉంటేనే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనాలి. మూడో కాగితం ఇస్తామన్న మిగులు వేగం సరిగ్గా ఆ గీత మీద ఉంది. పూర్తి హెచ్‌డీ వీడియో ఒకటి సాఫీగా నడవాలంటే సుమారు 5 ఎంబీపీఎస్ కావాలి కాబట్టి, 2 ఎంబీపీఎస్ మీద ఒక వీడియో సమావేశం తడబడుతూ నడుస్తుంది, రెండు నడవవు. ఇంటి నుంచి పని చేసే మనిషి ఉన్న ఇంట్లో నెలలో ఆఖరి నాలుగు రోజులు అలా గడిస్తే, వంద రూపాయల ఆదా ఎవరికీ గుర్తుండదు.

వేగానికీ పరిమితికీ మధ్య ఇంకో సంబంధముంది. 100 ఎంబీపీఎస్ అంటే 100 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు, గంటకు 45 జీబీ. పూర్తి వేగంతో ఏకధాటిగా లాగితే 500 జీబీ పదకొండు గంటల్లో, 1,000 జీబీ ఇరవైరెండు గంటల్లో అయిపోతాయి. 50 ఎంబీపీఎస్ మీద 3,300 జీబీ కరగడానికి 146 గంటలకు పైగా, అంటే రాత్రింబవళ్లు ఆరు రోజులు పడుతుంది. అలా ఎవరూ వాడరు, కానీ మొదటి కాగితంలోని పరిమితిని ఈ కుటుంబం పట్టించుకోనవసరం లేదని ఈ అంకెలే చెబుతున్నాయి. వేగం పెంచి పరిమితి తగ్గించడం అమ్మేవారికి లాభం, ఎందుకంటే కొనేవారు చూసేది పెద్దగా అచ్చువేసిన అంకెను.

అసలు ఈ ఇంటికి ఎంత వేగం కావాలి? ఒకేసారి ఒక 4కే సినిమాకు 15, ఇద్దరు హెచ్‌డీ చూస్తే 10, ఒక వీడియో సమావేశానికి 4 ఎంబీపీఎస్. ముప్ఫై లోపే. కాబట్టి 50 చాలు. 100 తీసుకుంటే సుఖం తెలిసేది పెద్ద ఫైళ్లు దించుకునేటప్పుడే. పని చేసే ఆయన మాత్రం బయటికి పంపే వేగం కూడా అడగాలి. కొన్ని ప్లాన్లలో రెండు దిశలూ సమానం, కొన్నింటిలో పంపే వేగం చాలా తక్కువ, కాగితం మీద మాత్రం ఒకే అంకె ఉంటుంది.

కొన్న వేగం అందుతోందా అని చూడడానికి ఫోన్‌ను వైఫై మీద పెట్టి కొలిస్తే తప్పుడు తీర్పు వస్తుంది. లాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో ఫైబర్ బాక్సుకు కలిపి, ఒకసారి పొద్దున, ఒకసారి రాత్రి తొమ్మిదికి కొలవాలి. పొద్దున 95 వచ్చి రాత్రి 30కి పడిపోతే లోపం బయట ఉంది, ఆపరేటర్ వైపు రద్దీ ఎక్కువైందని అర్థం. ఫైబర్ లైన్లలో సాధారణమైన పద్ధతిలో సుమారు 2.5 జీబీపీఎస్ సామర్థ్యాన్ని 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. ఆ పంపకం వల్లనే సాయంత్రాలు ఇబ్బంది రావడం అరుదు, ఆపరేటర్ పైనుంచి కొనుక్కున్న ఇంటర్నెట్ సామర్థ్యం తక్కువైతేనే ఎక్కువగా వస్తుంది. తీగ మీద రెండు పూటలా బాగుండి గదిలో మాత్రం 35 దాటకపోతే లోపం ఇంట్లో ఉంది. చవక రౌటర్లు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పని చేస్తాయి. అపార్ట్‌మెంట్‌లో చుట్టూ పది ఇళ్ల వైఫైలు అదే గాలిలో మోగుతుంటే 100 ఎంబీపీఎస్ ప్లాన్ కూడా 40 దగ్గర ఆగుతుంది. అందుచేత ఇన్‌స్టలేషన్‌లో ఇచ్చే బాక్సు 5 గిగాహెర్ట్జ్ కూడా ఇస్తుందా అన్నది ప్లాన్ వేగమంత ముఖ్యమైన ప్రశ్న.

ఇన్‌స్టలేషన్ చార్జీని, ఒప్పంద కాలాన్ని నేను విడివిడిగా చూడను. రెండూ ఒకే ఖర్చు, మీరు ఆ ఇంట్లో ఎన్ని నెలలుంటారో దానితో భాగించవలసినవి. మన దగ్గర ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో మధ్యలో మానేస్తే జరిమానా అనే షరతు అంతగా కనబడదు. ముందుగా కట్టించుకున్న డబ్బే ఒప్పందం. కనెక్షన్ మానేస్తే అది వెనక్కి రాదు. ఈ కుటుంబానికి ఇంటి అద్దె ఒప్పందం, విశాఖలో అందరికీ రాసినట్లే, పదకొండు నెలలు. ఏడాది చందా ముందుగా కట్టడమంటే పన్నెండో నెలను వదులుకోవడానికి సిద్ధపడడమే, లేదా కొత్త ఇంటికి కనెక్షన్ మారుస్తారని నమ్మడం. సీతమ్మధార నుంచి మధురవాడకో గాజువాకకో మారితే పెద్ద సంస్థలు మార్చగలవు, వీధి ఆపరేటర్‌కు అక్కడ లైనే ఉండకపోవచ్చు.

పదకొండు నెలలూ ఉంటారనుకుందాం. మొదటిదానికి నెలకు జీఎస్టీతో 707 రూపాయలు, కేబుల్‌కు 300, ఆరంభంలో 1,180. మొత్తం దాదాపు 12,255. రెండోదానికి నెలకు 1,061 చొప్పున 11,669. మూడోదానికి 8,850 చందా, 1,500 ఇన్‌స్టలేషన్ కలిపి 10,350, డిపాజిట్ తిరిగి వస్తుందన్న నమ్మకం మీద. ఇక్కడ మూడోదే చవక. ఏడో నెలలోనే ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే మొదటిదానికి 8,228, రెండోదానికి 7,426 అవుతాయి, మూడోదానికి మాత్రం అదే 10,350. నాలుగో నెలలోనే వెళ్లిపోతే రెండోదానికి ఆరు నెలల డబ్బూ పోతుంది కాబట్టి వాడుకున్న నెలకు 1,591 పడుతుంది. మొదటి, మూడో కాగితాల మధ్య తరాజు తొమ్మిదో నెల దాటాక మూడోదాని వైపు మొగ్గుతుంది. సొంత ఇంట్లో ఉన్నవారికి మూడోది మంచి బేరమే, పరిమితిని ఇంకో రెండు వందల జీబీ పెంచమని అడిగి మరీ తీసుకోవచ్చు. వీధి ఆపరేటర్‌తో అలాంటి బేరం కుదురుతుంది, పెద్ద సంస్థ కాల్ సెంటర్‌తో కుదరదు.

నెలనెలా కట్టేవారికి ధర పెరుగుతుందన్న భయం ఉంటుంది. ఒక టారిఫ్‌లో చేరిన నాటినుంచి ఆరు నెలల దాకా దాన్ని వినియోగదారుడికి నష్టం కలిగేలా మార్చకూడదని టెలికాం సేవలకు ట్రాయ్ నియమం ఉంది, కాబట్టి మొదటి ఆరు నెలల కోసం ఏడాది కట్టి రక్షణ కొనుక్కోనక్కరలేదు. టీవీ వైపు మాత్రం కొంత మారింది. 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న విధానంలో ఛానళ్లకు విడిగా ధర, దానికి అదనంగా ఆపరేటర్ తీసుకునే నెట్‌వర్క్ రుసుము ఉంటాయి. ఆ రుసుము మొదట్లో వంద ఛానళ్లకు 130 రూపాయలకు మించకూడదని ఉండేది. 2024 జులైలో ఆ రుసుముకూ, సెట్‌టాప్ బాక్సు ఇన్‌స్టలేషన్‌కూ ఉన్న పరిమితులను ఎత్తివేశారు. కాబట్టి ఇప్పుడు ‘గవర్నమెంటు రేటు’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవాలి. ‘350 ఛానళ్లు’ అన్న అంకెలో ఉచిత ఛానళ్లే చాలా ఉంటాయి. పెద్దావిడ చూసే నాలుగు తెలుగు ఛానళ్ల పేర్లు చెప్పి, అవి ఉన్నాయా, హెచ్‌డీయా కాదా అని అడిగితే చాలు.

తీగ ఇంటికి ఎలా వస్తుందన్నది కూడా ఈ ఊళ్లో అడగదగ్గ మాటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను స్తంభాలతో పాటు వాటి మీది తీగలను కూడా నేలకు తెచ్చింది. ఆ తరువాత నగరంలో కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగలను భూగర్భంలోకి మార్చారు, కేబుల్, ఫైబర్ తీగలు మాత్రం చాలాచోట్ల ఇంకా మిద్దెల మీదుగానే సాగుతున్నాయి. ఫైబర్ బాక్సు మీద LOS అనే చోట ఎర్ర దీపం వెలిగిందంటే కాంతి అందడం లేదు, తీగ ఎక్కడో తెగింది లేదా మరీ వంగింది. రీఛార్జ్ చేసినా, రౌటర్ ఆపి పెట్టినా ఫలితముండదు. దాన్ని ఎన్ని గంటల్లో బాగుచేస్తారో ఆ వీధిలోని ఇప్పటి వినియోగదారుడే నిజం చెప్పగలడు, అమ్మడానికి వచ్చిన మనిషి కాదు.

మా బంధువులు చివరికి మొదటిదే తీసుకున్నారు. రెండోదానికంటే పదకొండు నెలల మీద దాదాపు 586 రూపాయలు ఎక్కువ. ఆ డబ్బుకు పెద్దావిడ పాత రిమోట్ ఆమె చేతిలోనే మిగిలింది, ఇంటర్నెట్ లేని రోజున కూడా సీరియల్ వస్తుంది, డేటా లెక్క చూసే పని లేదు. కనెక్షన్ ఇచ్చిన రోజున ఇన్‌స్టలేషన్ డబ్బు తీసుకున్న కుర్రాడిని, ఫైబర్ బాక్సు మీదా మాదా అని అడిగాం. సంస్థదేనని, మానేసినప్పుడు తిరిగి ఇవ్వాలని చెప్పాడు. ఆ మాట రసీదు మీద లేదు. అందుకని బాక్సు అడుగున ఉన్న సీరియల్ నంబరును, అడాప్టర్‌ను కలిపి ఫొటో తీసి, ‘ఈ బాక్సు సంస్థది, డిపాజిట్ ఏమీ కట్టలేదు’ అని అతని నంబరుకే వాట్సాప్‌లో పంపాం. ‘ఓకే సార్’ అని వచ్చిన జవాబును ఇంటి అద్దె ఒప్పందం ఉన్న ఫైల్లోనే అచ్చు తీసి పెట్టారు.